ప్రొబేషన్ పూర్తయిన ఉద్యోగికి కన్ఫర్మేషన్ లెటర్: మేం ఇచ్చిన ఒక లెటర్ కథ

ప్రశ్న: మాది 30 మంది ఉన్న చిన్న ఆఫీసు. ఒకమ్మాయికి ఆరు నెలల ప్రొబేషన్ ఈ నెలతో అయిపోతుంది, బాగా చేస్తోంది. నెట్‌లో దొరికే రెండు లైన్ల కన్ఫర్మేషన్ లెటర్ ఇస్తే సరిపోతుందా, ఇంకేమైనా రాయాలా?

జవాబు:

నేను విజయవాడలో ఒక మందుల స్టాకిస్టు దగ్గర హెచ్‌ఆర్ చూస్తాను. హెచ్‌ఆర్ అంటే పెద్ద డిపార్ట్‌మెంట్ ఏమీ లేదు, నేను ఒక్కణ్ణే. జీతాలు, పీఎఫ్, లెటర్లు అన్నీ నా టేబుల్ మీదే. మీరు చెప్పిన ఆ రెండు లైన్ల లెటర్ నా మొదటి ఉద్యోగంలో నాకే వచ్చింది. "మీ సేవలను కన్ఫర్మ్ చేస్తున్నాం, మిగతా నిబంధనలు కంపెనీ పాలసీ ప్రకారం." సంతోషంగా ఫైల్లో పెట్టుకున్నా. ఏడాదిన్నర తర్వాత రిజైన్ చేస్తే, కన్ఫర్మ్ అయ్యాక నోటీసు 30 రోజులు కాదు, 90 రోజులని చెప్పారు. ఆ పాలసీ కాగితం అప్పటిదాకా నేను చూడనే లేదు. కొత్త ఉద్యోగం వాళ్లు అంతకాలం ఆగలేదు, అది పోయింది. అందుకే నేను రాసే లెటర్లలో "పాలసీ ప్రకారం" అనే మాట వాడను. ఏది మారుతుందో పాతదీ కొత్తదీ పక్కపక్కన రాస్తాను.

ఒక ఉదాహరణ చెబుతాను. మా అకౌంట్స్‌లో ఒకమ్మాయి 2024 జూలై 1న చేరింది. డిసెంబర్ 31తో ఆరు నెలలు నిండాయి, కన్ఫర్మేషన్ 2025 జనవరి 1 నుంచి. లెటర్ మీద వేసే తేదీ వేరు, అమల్లోకి వచ్చే తేదీ వేరు. రెండూ రాయండి. లెటర్ ఇవ్వడం పది రోజులు ఆలస్యమైనా అమలు తేదీ జనవరి 1 అనే ఉండాలి. సర్వీసు మాత్రం చేరిన రోజు నుంచే లెక్క అని ఒక వాక్యం చేర్చాను. కన్ఫర్మ్ అయిన రోజు నుంచే గ్రాట్యుటీ లెక్క అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, అది తప్పు.

నోటీసు ప్రొబేషన్‌లో 15 రోజులు ఉండేది, ఇప్పుడు రెండు వైపులా ఒక నెల చేశాం. ఇది మా పెద్దమనసేమీ కాదు. 1988 నాటి ఆంధ్రప్రదేశ్ షాపులు, సంస్థల చట్టం సెక్షన్ 47 ప్రకారం, ఆరు నెలలు వరసగా పనిచేసిన మనిషిని సరైన కారణం లేకుండా తీసెయ్యడానికి వీల్లేదు. తీసినా నెల ముందు రాతపూర్వకంగా నోటీసివ్వాలి, లేదా నెల జీతం ఇవ్వాలి. కాబట్టి పాత 15 రోజుల క్లాజు లెటర్లో అలాగే వదిలేస్తే మనకే ఇబ్బంది.

జీతం దగ్గర కాస్త ఆగాలి, గొడవలు మొదలయ్యేది అక్కడే. ఆమెకు నెలకు 20,000 ఉండేది, 22,500 చేశాం. "2,500 పెంచాం" అని మాత్రమే రాసి ఉంటే, జనవరి జీతం పడగానే "తక్కువ వచ్చిందేంటి సార్" అని వచ్చేది. బేసిక్ 14,000 నుంచి 15,000 అయింది కాబట్టి పీఎఫ్ 1,680 నుంచి 1,800 అయింది. జీతం 20,000 దాటింది కాబట్టి వృత్తి పన్ను 150 నుంచి 200 అయింది. ఈఎస్ఐ 150 నుంచి 169. అన్నీ పోగా చేతికి 18,020 వచ్చేది 20,331 అయింది. అంటే నిజంగా పెరిగింది 2,311. ఈ లెక్క లెటర్ వెనక చిన్న టేబుల్‌గా వేశాను.

ఈఎస్ఐ పరిమితి 21,000 కదా, 22,500కి ఎందుకు కోస్తున్నారని అడుగుతారు. చందా కాలం అక్టోబర్ నుంచి మార్చి దాకా ఒకటి, ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా ఇంకొకటి. ఆ కాలం మధ్యలో జీతం 21,000 దాటినా, కాలం ముగిసేదాకా మొత్తం జీతం మీద చందా కట్టాల్సిందే. అందుకే "31 మార్చి 2025 దాకా ఈఎస్ఐ కొనసాగుతుంది, తర్వాత కోత ఉండదు" అని రాశాను. అన్నట్టు, "కన్ఫర్మ్ అయ్యాక పీఎఫ్ మొదలుపెడదాం" అనే ఆలోచన మీ ఆఫీసులో ఉంటే మానుకోండి. పీఎఫ్ వర్తించే సంస్థలో అది చేరిన రోజు నుంచే.

ఇక మెచ్చుకునే పేరా. మా సీనియర్ అకౌంటెంట్ గారిని అడిగితే, "బానే చేస్తోందండీ, సిన్సియర్" అన్నారు. అది రాస్తే ఎవరికైనా సరిపోతుంది. "చేరిన కొత్తలో చేతకానిది, ఇప్పుడు చేస్తున్నది ఏంటి సార్?" అని మళ్లీ అడిగాను. కాసేపు ఆలోచించి, "ఇప్పుడు GSTR-2B నేను చూడట్లేదండీ" అన్నారు.

నాకు కావాల్సింది అదే. జీఎస్టీ పోర్టల్లో నెల నెలా 14న GSTR-2B, అంటే సప్లయర్లు చూపించిన బిల్లుల పట్టిక వస్తుంది, 20కల్లా మన నెల రిటర్న్ GSTR-3B వెయ్యాలి. ఆ మధ్యలో మా కొనుగోలు బిల్లులన్నీ దాంతో సరిచూడాలి. ఆగస్టులో ఆయన పక్కన కూర్చుంటేగానీ పని నడవలేదు, 19 రాత్రి అయింది. డిసెంబర్‌లో ఆమె ఒక్కతే 17 మధ్యాహ్నానికి ముగించింది. రెండోది, ఎక్స్‌పైరీ మందులు వాపసు పంపాక కంపెనీల నుంచి రావాల్సిన క్రెడిట్ నోట్లు. పెండింగ్ 41 నుంచి 6కి దిగిందని ఆయన చెప్పారు. రిజిస్టర్ తీసి చూస్తే అంకె నిజమే, కానీ అందులో ఒక కంపెనీవి 12 మా గోడౌన్ ఇన్‌చార్జి వెంటపడి తెచ్చినవి. అవి కూడా ఆమె ఖాతాలో వేస్తే ఆ ఇన్‌చార్జి చదివినప్పుడు ఏమనుకుంటాడు? 23 అని రాశాను.

లెటర్ ఇంగ్లీషులోనే వెళ్లింది. ఆ పేరా తెలుగులో అయితే ఇలా ఉంటుంది: "ఆగస్టులో సీనియర్ సాయంతో 19వ తేదీకి పూర్తయిన GSTR-2B సరిచూపును డిసెంబర్‌లో మీరు స్వయంగా 17వ తేదీకే పూర్తిచేశారు. కంపెనీల వారీగా రిజిస్టర్ పెట్టి, ఆగిపోయిన 23 క్రెడిట్ నోట్లు రాబట్టారు. ఇకపై నెలవారీ సరిచూపు బాధ్యత మీదే." చివరి వాక్యం వల్ల మెప్పు కాస్తా కొత్త బాధ్యత అయింది. "త్వరలో ప్రమోషన్" లాంటి మాట మాత్రం రాయలేదు, అది కాగితం మీద పడితే మాటిచ్చినట్టే.

ఆమెలో లోపం లేదా అంటే ఉంది. సప్లయర్ ఫోన్ చేస్తే గట్టిగా అడగలేకపోతుంది. అది లెటర్లో పెట్టలేదు, ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాం. కన్ఫర్మేషన్ లెటర్లో "మెరుగుపడాలి" అని ఉంటే, షరతు మీద కన్ఫర్మ్ చేశారా అని అనుమానం వస్తుంది. అంత అనుమానం మీకే ఉంటే, గడువు ముగియకముందే ప్రొబేషన్ పొడిగిస్తూ విడిగా లెటర్ ఇవ్వాలి. అది కూడా మీ అపాయింట్‌మెంట్ లెటర్లో పొడిగించే వీలు రాసుకుని ఉంటేనే.

రెండు కాపీలు తీసి సంతకానికి ఇచ్చాను. ఆమె వెంటనే పెట్టలేదు. పాత అపాయింట్‌మెంట్ లెటర్ తెచ్చి పక్కన పెట్టుకుని లైను లైనూ చూసి, "సార్, హోదా ఇంకా అకౌంట్స్ ట్రైనీ అనే ఉంది" అంది. నిజమే, పాత ఫైలు మీదే టైప్ చేశాను, అసిస్టెంట్ అని మార్చడం మర్చిపోయాను. ఆ కాపీలు చించేసి మళ్లీ ప్రింట్ తీశాను. ఈసారి సంతకం చేసి, కింద తేదీ కూడా తనే వేసింది.