నాలుగో మనిషి దగ్గర ఆగి చూడు

ప్రశ్న: సర్, మాది కొండపి దగ్గర పల్లెటూరు. ఒంగోలులో ఇంటర్ సీఈసీ సెకండ్ ఇయర్ చదువుతున్నాను. సీఏ ఫౌండేషన్ రాయాలని ఉంది. ఎకనామిక్స్‌లో కూలీల సంఖ్య, మొత్తం ఉత్పత్తి ఇచ్చి క్షీణ ప్రతిఫలాలు ఎక్కడ మొదలయ్యాయని అడిగితే ప్రతిసారీ తప్పు పెడుతున్నాను. మొత్తం పెరుగుతూనే ఉంటే క్షీణం అని ఎలా అంటారు? ఈ లెక్కే రాకపోతే సీఏకి పనికిరానని టెన్షన్‌గా ఉంది. మాకు పొగాకు ఆరబెట్టే బ్యారన్ ఉంది, నాన్నని అడిగితే నవ్వి ఊరుకున్నారు.

జవాబు: మీ నాన్న నవ్వారంటే ఆయనకు ఈ సంగతి ఎప్పుడో తెలుసన్నమాట, పేరే తెలియదు. కాబట్టి పుస్తకం కాసేపు పక్కన పెట్టి మీ బ్యారన్ దగ్గరికే పోదాం.

రెలిచిన ఆకు పొలం నుంచి వచ్చింది, పందిరి కింద కుప్ప పోశారు. కర్రలకు ఆకు అల్లాలి. పందిరి ఒకటే, కర్ర ఆనించి అల్లుకునే చోట్లు కొన్నే, బ్యారన్ ఒకటే. ఇవేవీ ఆ రోజు మారవు, మారేది కూలీల సంఖ్య ఒక్కటే. రోజుకు ఎన్ని కర్రలు పూర్తయ్యాయో కింద రాశాను. అంకెలు లెక్క కుదరడానికి నేను వేసుకున్నవి, మీ బ్యారన్‌లో వేరుగా ఉంటాయి.

| కూలీలు | మొత్తం కర్రలు | సగటు | ఉపాంత |
|---|---|---|---|
| 1 | 20 | 20 | 20 |
| 2 | 50 | 25 | 30 |
| 3 | 90 | 30 | 40 |
| 4 | 124 | 31 | 34 |
| 5 | 150 | 30 | 26 |
| 6 | 168 | 28 | 18 |
| 7 | 168 | 24 | 0 |
| 8 | 160 | 20 | -8 |

పరీక్షలో సాధారణంగా మొదటి రెండు గడులే ఇస్తారు, మిగతా రెండూ నువ్వు పూరించుకోవాలి. సగటు అంటే మొత్తాన్ని కూలీల సంఖ్యతో భాగించడం, అక్కడ ఎవరూ తడబడరు. ఉపాంత ఉత్పత్తి అంటే కొత్తగా ఒక మనిషి వచ్చినందువల్ల మొత్తానికి ఎంత కలిసిందో అది. ముగ్గురున్నప్పుడు 90, నలుగురైతే 124. అంటే నాలుగో మనిషి రాకతో 34 కర్రలు కలిశాయి. నాలుగో మనిషి తన చేత్తో 34 కర్రలు అల్లిందని కాదు సుమా. ఆమె వచ్చాక గుంపు మొత్తం మీద 34 పెరిగాయి, అంతే.

ముందు ఎందుకు పెరిగిందో చూడు. ఒక్క మనిషే ఉంటే కుప్ప దగ్గరికి వెళ్లి ఆకు తెచ్చుకోవాలి, అల్లాలి, నిండిన కర్రను మోసుకెళ్లి పెట్టి మళ్లీ వచ్చి కూర్చోవాలి. సగం రోజు లేవడానికీ కూర్చోవడానికే సరి. ముగ్గురైతే ఒకరు ఆకు అందిస్తారు, ఒకరు అల్లుతారు, ఒకరు కర్రలు మోస్తారు. అల్లే మనిషి చెయ్యి ఆగదు. అందుకే రెండో మనిషి 30, మూడో మనిషి 40 కలిపారు. నాలుగో మనిషి నుంచి ఆ కొత్త లాభం తగ్గింది. ఆరుగురయ్యేసరికి చోటు కోసం ఒకరినొకరు సర్దుకోవాలి, ఏడో మనిషి వచ్చినా ఒక్క కర్ర పెరగలేదు. ఎనిమిదో మనిషి వస్తే కబుర్లు పెరిగి కర్రలు తగ్గాయి.

ఒక మాట గట్టిగా పట్టుకో. నాలుగో మనిషి బద్ధకస్తురాలు కాదు. ఎనిమిది మందీ పనిలో సమానమనే ఈ లెక్క అనుకుంటుంది. తగ్గడానికి కారణం మనిషి కాదు, పెరగని పందిరి. రెండో పందిరి కూడా వేశారంటే ఈ పట్టిక చెల్లదు, అది వేరే అధ్యాయం. 1815లో ఇంగ్లండ్‌లో ధాన్యం దిగుమతుల మీద గొడవ నడుస్తున్నప్పుడు రికార్డో, మాల్థస్, వెస్ట్ అనే ఆర్థికవేత్తలు ఈ ఆలోచనను రాసింది కూడా పొలాన్ని పెట్టుకునే. భూమి పెరగదు, దాని మీద పెట్టే కష్టం పెరుగుతుంది.

ఇక నీ అసలు ప్రశ్న. పట్టికలో నాలుగో వరస మీద వేలు పెట్టు. మొత్తం 90 నుంచి 124కి పెరిగింది. సగటు 30 నుంచి 31కి పెరిగింది. ఉపాంత ఒక్కటే 40 నుంచి 34కి దిగింది. క్షీణ ప్రతిఫలాలు మొదలైంది ఇక్కడే, నాలుగో మనిషితో. మొత్తం తగ్గాలని రూల్ లేదు, సగటు తగ్గాలనీ లేదు. పెరుగుదల వేగం తగ్గితే చాలు. డిగ్రీలో నేనూ నీలాగే మొత్తం ఎప్పుడు పడిపోతుందా అని చివరి వరస దాకా పోయి ఎనిమిది అని రాసి వచ్చినవాడినే. ఎనిమిది దగ్గర మొదలయ్యేది రుణాత్మక ప్రతిఫలం, అంటే మనిషి వచ్చినందుకు ఉన్నది కూడా పోవడం.

ఉపాంత దిగుతుంటే సగటు ఎలా ఎక్కిందని అడుగుతావేమో. నీ మాక్ టెస్టులే తీసుకో. మూడు టెస్టుల సగటు 30 అనుకుందాం, చివరి టెస్టులో 40 వచ్చింది. నాలుగో టెస్టులో 34 వస్తే 40 కన్నా తక్కువే. అయినా పాత సగటు 30 కన్నా ఎక్కువ కాబట్టి సగటు 31 అవుతుంది. ఐదో టెస్టులో 26 వచ్చిందా, అది 31 కన్నా తక్కువ, సగటు 30కి దిగుతుంది. కొత్త అంకెను పాత సగటుతో పోలిస్తే సగటు ఎటు పోతుందో తెలుస్తుంది. కొత్త అంకెను దాని ముందున్న ఉపాంతతో పోలిస్తే క్షీణం మొదలైందో లేదో తెలుస్తుంది. ఈ రెండు పోలికలనూ కలిపేయడం వల్లే చాలామంది నాలుగుకు బదులు ఐదు అని పెడతారు.

ఇక్కడ ప్రశ్నలోని మాటలు కూడా జాగ్రత్తగా చదవాలి. పుస్తకాలు ఉత్పత్తిని మూడు దశలుగా విడదీసి, సగటు గరిష్ఠమయ్యే దాకా మొదటి దశ అంటాయి. అక్కడి నుంచి ఉపాంత సున్నా అయ్యేదాకా రెండో దశ, దానికే క్షీణ ప్రతిఫలాల దశ అని పేరు. కాబట్టి 'డిమినిషింగ్ మార్జినల్ రిటర్న్స్ సెట్ ఇన్' అని అడిగితే ఉపాంత గడి చూడాలి, మన పట్టికలో జవాబు నాలుగో మనిషి. 'రెండో దశ ఎక్కడ మొదలవుతుంది' అంటే సగటు గడి చూడాలి. సగటు నలుగురి దగ్గర గరిష్ఠం, కాబట్టి ఆ తర్వాతి నుంచి రెండో దశ. పేరు ఒకటే అయినా చూడాల్సిన గడులు వేరు.

అన్నిటికన్నా పెద్ద గుంట ఇంకోటుంది. ప్రశ్న ఇచ్చేవాళ్లు ఒక వరస ఎత్తేస్తారు. మన పట్టికలోనే నాలుగో వరస చేత్తో మూసెయ్. ముగ్గురికి 90, తర్వాత ఐదుగురికి 150. తేడా 60. దాని ముందరి ఉపాంత 40 కదా, 60కి పెరిగింది, క్షీణం ఇంకా రాలేదని టిక్కు పెట్టేస్తారు. కానీ వచ్చింది ఇద్దరు. 60ని రెండుతో భాగిస్తే మనిషికి 30. అది 40 కన్నా తక్కువ, అంటే ముగ్గురు దాటాక క్షీణం మొదలైంది. అందుకే నా దగ్గరికి వచ్చే పిల్లలకు ముందు మొత్తం గడి చూడొద్దంటాను. కూలీల గడి చూసి, అడుగులు ఒక్కొక్కటిగా పడుతున్నాయా, గెంతులున్నాయా అన్నది ముందు తేల్చుకో.

కొన్నిసార్లు సగటు మాత్రమే ఇచ్చి ఉపాంత అడుగుతారు. నలుగురికి సగటు 31, ఐదుగురికి 30 అని ఉంటే 30లోంచి 31 తీసేసి మైనస్ ఒకటి అని రాయకు. సగటును మనుషులతో గుణించి ముందు మొత్తానికి పో. 124, 150 వస్తాయి. తేడా 26.

మీ నాన్నకు ఇంకో లెక్క కూడా తెలిసే ఉంటుంది. క్షీణం మొదలైంది కదా అని ఆయన ముగ్గురితో ఆపేయరు. మీ దగ్గర కర్రకింత అని ఇస్తుంటారేమో, ఇప్పటికి రోజుకూలీ 400, కర్ర అల్లితే మీకు కలిసొచ్చేది 20 రూపాయలు అనుకుందాం. ఐదో మనిషి 26 కర్రలు కలుపుతుంది, అంటే 520 రూపాయలు, కూలీ పోను మిగులుతుంది. ఆరో మనిషి 18 కర్రలు, 360 రూపాయలు, నలభై నష్టం. కాబట్టి ఐదుగురిని పిలుస్తారు. ఆ ఐదో మనిషి క్షీణం మొదలయ్యాక వచ్చిన మనిషే. క్షీణం అంటే నష్టం కాదు.

సీఏ సంగతికి వస్తాను. ఫౌండేషన్‌లో బిజినెస్ ఎకనామిక్స్ నాలుగో పేపర్, 100 మార్కులు, అన్నీ ఆబ్జెక్టివ్. తప్పు జవాబుకు పావు మార్కు కోత ఉంటుంది, కాబట్టి ఊహించి టిక్కు పెట్టే అలవాటు మానుకో. ప్రతి పేపర్‌లో 40, నాలుగూ కలిపి సగటున 50 శాతం రావాలి. ఈ పట్టికకు కావలసింది తీసివేత, భాగహారం మాత్రమే, దీన్ని బట్టి నీకు లెక్కలు రావని తేల్చుకోకు. అది నిజంగా తేలేది మూడో పేపర్‌లో, క్వాంటిటేటివ్ ఆప్టిట్యూడ్‌లో. ఫీజు కట్టే ముందు ఆ పేపర్ పాతది ఒకటి తెచ్చుకుని వారం పాటు చేసి చూడు, నీకే తెలుస్తుంది. పరీక్ష ఇంగ్లిష్‌లో గానీ హిందీలో గానీ రాయాలి, తెలుగులో లేదు. కాబట్టి ఉపాంత అని అర్థం చేసుకున్నా మార్జినల్ ప్రొడక్ట్ అన్న మాట కంటికి అలవాటు కావాలి. తెలుగు మీడియం పిల్లలు విషయం తెలిసీ మార్కులు పోగొట్టుకునేది ఈ పేర్ల దగ్గరే.

ఇప్పుడు ఇది చెయ్యి. ఒక కూలీకి 12 బుట్టలు, ఇద్దరికి 30, నలుగురికి 62, ఐదుగురికి 75. క్షీణం ఎక్కడ మొదలైంది? ఇద్దరు దాటాక అని వస్తే సరి, ఎందుకంటే రెండో మనిషి 18 కలిపితే తర్వాతి ఇద్దరూ మనిషికి 16 చొప్పునే కలిపారు. ఐదో మనిషి దగ్గర అని వచ్చిందంటే, 32ని రెండుతో భాగించడం మళ్లీ మర్చిపోయావన్నమాట.