తాతయ్య సినిమా, మనవరాలి కోపం

"మా అమ్మాయి పదో తరగతి, అబ్బాయి ఎనిమిది. మా మామగారికి 75 ఏళ్లు, పాత సినిమాలంటే ప్రాణం. పోయిన ఆదివారం అందరం కూర్చుని 'గుండమ్మ కథ' చూశాం. నాగేశ్వరరావు జమున చేత తోటపని చేయించే చోట మామగారు 'బాగా తిక్క కుదిరింది' అని నవ్వారు. అమ్మాయికి కోపం వచ్చింది. 'నాటకాలాడి, ఆమెకి బుద్ధి చెబుతాడా? ఇది గృహహింస తాతయ్యా' అని లేచి వెళ్లిపోయింది. మావాడు వెంటనే 'నీకూ ఇలాంటి మొగుడే రావాలి, అప్పుడు కుదురుతుంది తిక్క' అన్నాడు. అప్పటినుంచి మామగారు టీవీ పెట్టడం లేదు, అన్నం కూడా గదిలోకే తెమ్మంటున్నారు. మావారేమో 'పాత సినిమాల గోల వదిలెయ్, ఎవరి ఫోన్‌లో వాళ్లు చూసుకుంటారు' అంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. పిల్లలకి ఇలాంటివి చూపించడం తప్పా?"
— ఒక తల్లి, ఖమ్మం

తప్పు కాదమ్మా. చూపించండి. అయితే మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట మామగారిదీ కాదు, అమ్మాయిదీ కాదు. మీ అబ్బాయిది. దాని గురించి మీరు ఒక్క ముక్క రాసి వదిలేశారు. అక్కడికి వస్తాను.

ముందు అమ్మాయి సంగతి. ఆమె అన్నదాంట్లో పస ఉంది. సినిమా అయ్యాక కథను నవ్వు లేకుండా చెప్పుకుని చూడండి. ఒక అమ్మాయికి, అంటే జమున వేసిన సరోజకి, పొగరెక్కువ, పని చేతకాదు. ఆమెను పెళ్లి చేసుకున్న మనిషి తాగుబోతులా నటిస్తాడు, ఆస్తి లేనట్టు నటిస్తాడు, తీసుకెళ్లి కూలిపనిలో పెడతాడు. ఇదంతా నాటకమని అతని తండ్రికి తెలుసు, ప్రేక్షకులకి తెలుసు. తెలియనిది సరోజ ఒక్కతికే. 2005లో వచ్చిన గృహహింస చట్టం కొట్టడాన్నే కాదు, మనసు నొప్పించడాన్నీ, డబ్బు విషయంలో ఇబ్బంది పెట్టడాన్నీ కూడా హింస కిందే చూస్తుంది. మీ అమ్మాయి ఆ మాట స్కూల్లోనో ఫోన్‌లోనో విని ఉంటుంది. విన్నదాన్ని సరైన చోటే వాడింది.

కానీ ఆ సినిమా వచ్చింది 1962లో, ఆ చట్టానికి 43 ఏళ్ల ముందు. అప్పటికి మీ మామగారు పన్నెండేళ్ల పిల్లాడు, ఇంచుమించు ఇప్పటి మీ అబ్బాయి ఈడు. ఆయన నవ్వింది సరోజ కష్టానికి కాదు. ఎప్పుడో చిన్నప్పుడు నలుగురితో కలిసి నవ్విన నవ్వు అది. మనవరాలు 'గృహహింస' అనేసరికి ఆయనకి తనని నేరస్థుణ్ణి చేసినట్టు అనిపించింది. అందుకే అన్నం గదిలోకి వెళ్లింది. సినిమా మీద వేసిన మార్కులు ఆయన తన మీద వేసినట్టు తీసుకున్నారు. ఈ రెండింటినీ విడదీయడమే ఇప్పుడు మీరు చేయాల్సిన పని.

చూపించమని ఎందుకు అంటున్నానంటే, అరవై ఏళ్ల కిందటి సినిమాలో తప్పు పిల్లలకి కళ్లకి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. నలుపు తెలుపు బొమ్మ, పంచెలు, జట్కాలు చూడగానే ఇది మన కాలం కాదని వాళ్లకి తెలిసిపోతుంది. ఆ దూరమే వాళ్ల చేత ప్రశ్న అడిగిస్తుంది. నాకు ఎక్కువ భయం పాతిక, ముప్పై ఏళ్ల కిందటి కలర్ సినిమాల మీద. హీరో అమ్మాయి కాలేజీ దాకా వెంటపడతాడు, వద్దన్నా ఊరుకోడు, స్నేహితులంతా చేరి ఆమె చుట్టూ పాట పాడతారు, ఇంటర్వెల్ అయ్యేసరికి ఆమె ప్రేమిస్తుంది. ఆ బట్టలూ బైకులూ ఇప్పటికీ మన వీధిలో ఉన్నాయి కాబట్టి పిల్లవాడికి అందులో పాతదనం కనపడదు. వద్దన్న అమ్మాయి వెంటపడడం 2013 నుంచి నేరం. ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో అది 78వ సెక్షన్. ఆ పాటలు మాత్రం ఇంకా పెళ్లి ఊరేగింపుల్లో మోగుతూనే ఉన్నాయి. మీవారు చెప్పినట్టు ఎవరి ఫోన్ వాళ్లకి ఇచ్చేస్తే, అబ్బాయి చూసేవి అవే. అవి చూసేటప్పుడు పక్కన తాతయ్యా ఉండడు, కోప్పడే అక్కా ఉండదు.

ఇంకో సంగతి కూడా పిల్లలకి తెలియాలి. పాతది అనగానే వెనకబడినది అనుకోనక్కర్లేదు. గూడవల్లి రామబ్రహ్మం అంటరానితనం మీద 'మాలపిల్ల' తీసింది 1938లో. మీ 'గుండమ్మ కథ'లోనే చూడండి, సరోజ గర్వం అణచడం చూసి నవ్విస్తారు, అదే సినిమాలో అంజి రుబ్బురోలు ముందు కూర్చుని పిండి రుబ్బుతాడు. మగవాడు, అందులోనూ ఎన్టీఆర్, అలా పిండి రుబ్బుతూ పాడే పాట ఆడవాళ్లు ఉద్యోగాల్లోకీ పంచాయతీల్లోకీ వస్తున్నారన్న పాట. అది మెచ్చుకోలా, వెక్కిరింతా? నేను ఇప్పటికి చాలాసార్లు విన్నాను, రెండూ ఉన్నాయనే అనిపిస్తుంది. ఈ ప్రశ్న మీ ఇద్దరు పిల్లల్నీ అడగండి. కచ్చితంగా చెరో జవాబు చెబుతారు, తాతయ్య మూడోది చెబుతారు. తప్పొప్పుల తీర్పు కన్నా ఇలాంటి ప్రశ్నతో మొదలుపెడితే ఎవరూ బోనులో నిలబడక్కర్లేదు.

మళ్లీ కూర్చున్నప్పుడు ఎలా మాట్లాడాలంటారా? సినిమాకి ముందు ఒక్క వాక్యం చాలు: "ఇందులో ఇప్పుడు మనకి నచ్చనివి కొన్ని ఉంటాయి, అయ్యాక మాట్లాడుకుందాం." అంతకు మించితే పాఠం అవుతుంది, పిల్లలు ఫోన్ తీస్తారు. మధ్యలో రిమోట్ పట్టుకుని ఆపి వివరించకండి. హాస్యం చచ్చిపోతుంది, మామగారికి ఒళ్లు మండుతుంది. సినిమా అయిన వెంటనే కూడా వద్దు. మర్నాడు గిన్నెలు సర్దుకుంటున్నప్పుడో, టిఫిన్ దగ్గరో కదపండి. ఎదురెదురుగా కూర్చోబెట్టి అడిగితే ఈ వయసు పిల్లలు "ఏం లేదు" అంటారు. చేతిలో పని ఉంటే నోరు కదులుతుంది.

అడగాల్సింది "ఇది తప్పు కదా?" అని కాదు. అలా అడిగితే మీకు కావాల్సిన జవాబే వాళ్లు చెబుతారు. "ఆ సీన్లో అందరూ నవ్వుతున్నారు, నవ్వనిది ఎవరు?" అని అడగండి. జవాబు సరోజ. "ఆమెకి ఏం తెలుసు, ఏం తెలియదు?" ఇక్కడ కాసేపు ఆగండి. మొగుడి తాగుడు నాటకమని ఆమెకి తెలియదు. ఆ రాత్రులు ఆమెకి నిజమైన రాత్రులే. ఆ తర్వాత "సరోజ మారాలంటే ఇంకో దారి ఏముంది?" అని అడగండి. ఇది ముఖ్యం, ఎందుకంటే సరోజ తీరు నిజంగానే బాగుండదు. ఇంట్లో సవతి అక్క లక్ష్మి పనిమనిషిలా చాకిరీ చేస్తుంటే ఆమె కాలు మీద కాలేసుకుని కూర్చుంటుంది. మీ అమ్మాయి కోపంలో ఈ ముక్క మర్చిపోయి ఉంటుంది. లక్ష్మి పక్షాన కూడా మాట్లాడమనండి.

మామగారి దగ్గరికి వేరే దారిలో వెళ్లాలి. మీరు కాదు, అమ్మాయే వెళ్లాలి. క్షమాపణ చెప్పమని మాత్రం ఒత్తిడి చేయకండి, ఆమె చెప్పినదాంట్లో తప్పు లేదు. లేచి వెళ్లిపోయిన పద్ధతికి మాత్రం "తాతయ్యా, విసురుగా వెళ్లాను" అంటే సరిపోతుంది. తర్వాత ఆయన్ని సినిమా గురించి కాకుండా ఆ రోజుల గురించి అడగమనండి. "మీ ఊళ్లో గుండమ్మలా ఆస్తి పెత్తనం చేసే ఆవిడ ఎవరైనా ఉండేవారా? ఊళ్లో వాళ్లు ఆవిడ గురించి ఏమనుకునేవారు?" హిందూ వారసత్వ చట్టం 1956లో వచ్చింది. అంతకు ముందు భర్త ఆస్తి మీద వితంతువుకి బతికినన్నాళ్లు అనుభవించే హక్కే తప్ప పూర్తి హక్కు ఉండేది కాదు. ఆ చట్టం వచ్చిన ఆరేళ్లకి ఇంటి తాళాలు తన చేతిలో పెట్టుకున్న వితంతువును తెర మీద గయ్యాళిగా చూసి జనం నవ్వారు. రెండింటికీ సంబంధం ఉందనేది నా అభిప్రాయం, కాదంటే మీ మామగారితో వాదించడానికి నేను సిద్ధం. ఆయనకి తెలిసిన అసలు మనుషుల కథలు బయటికి వస్తే, మీ అమ్మాయికి సినిమా కన్నా అవే నచ్చుతాయి.

ఇక అబ్బాయి. "నీకూ ఇలాంటి మొగుడే రావాలి" అన్నది అక్కతో రోజూ పడే కీచులాటే కావచ్చు. అయినా వాడు ఆ సినిమాలోంచి ఒక ఆయుధం తీసుకున్నాడు: మాట్లాడే ఆడపిల్ల నోరు మూయించడానికి మొగుణ్ణి చూపించి బెదిరించడం. దీన్ని అందరి ముందూ కడగకండి. వాడితో ఒంటరిగా, వీలైతే మీవారే మాట్లాడాలి. ఇది అమ్మ చెబితే 'ఆడవాళ్ల గోల' అవుతుంది, నాన్న చెబితే మాట అవుతుంది. అన్యాయమే, కానీ పదమూడేళ్ల వాళ్ల దగ్గర ప్రస్తుతానికి నడిచేది ఇదే. ఏమనాలి? "అక్క అడిగింది సినిమా గురించి. నువ్వు జవాబు చెప్పకుండా అక్కని బెదిరించావు. సినిమా నీకు నచ్చితే నచ్చిందని చెప్పు, ఎందుకో చెప్పు." అంతే. సినిమాని సమర్థించే హక్కు వాడికి ఉండాలి. అక్కడ వాడికి నవ్వొచ్చిందని సిగ్గుపడేలా చేస్తే, ఇంకోసారి మీ ముందు నవ్వడు, ఫోన్‌లో నవ్వుకుంటాడు.

అన్నీ చూపించమనడం లేదు. బలాత్కారం చేసినవాడికే ఆ అమ్మాయినిచ్చి పెళ్లి చేసి శుభం కార్డు వేసే సినిమాలు ఒకప్పుడు వచ్చాయి. వాటిని ఈ వయసులో ఇంటిల్లిపాదీ కూర్చుని చూడనక్కర్లేదు. ఇంకో లెక్క కూడా నేను చూస్తాను: జోకు తగిలే మనిషి ఆ గదిలోనే ఉన్నారా? నల్లగా ఉన్న పిల్లని, లావుగా ఉన్న పిల్లాడిని, నత్తి ఉన్నవాళ్లని ఏడిపించే కామెడీ ట్రాక్ ఉంటే, మీ ఇంట్లో అలాంటి బిడ్డ ఉంటే, అది ఎంత క్లాసిక్ అయినా వద్దు. చర్చ పెట్టినా లాభం ఉండదు. అందరూ తన గురించే మాట్లాడుతున్నారని ఆ బిడ్డకి అనిపిస్తుంది.

వచ్చే ఆదివారానికి 'మిస్సమ్మ' పెట్టమని మామగారిని మీ అమ్మాయి చేతే అడిగించండి. 1955 సినిమా, పనిచేసి సంపాదించుకునే హీరోయిన్, కోపం కూడా దండిగా ఉన్న హీరోయిన్, కాబట్టి ఆమెకి నచ్చుతుంది. చివర్లో ఆ మేరీ చిన్నప్పుడు తప్పిపోయిన మహాలక్ష్మి అని తేలాకే కథ సుఖాంతం అవుతుంది. మేరీ మేరీగానే ఉండి ఆ పెళ్లి ఎందుకు జరగకూడదని మీ అమ్మాయి అడుగుతుంది, నాకు అనుమానం లేదు. ఆ ప్రశ్నకి జవాబు మీరు వెతకకండి, మామగారిని చెప్పనివ్వండి. ఆయన ఒకవేళ గదిలోంచి రానంటే బతిమాలకండి. సౌండ్ కొంచెం పెంచి, తలుపు తెరిచి ఉంచండి.