‘ప్రియమైన అయ్యా’ అనొచ్చా?

సందేహం: మా కాలనీ పార్కులో పిల్లలకు చెస్ నేర్పడానికి అనుమతి కోరుతూ జోనల్ కమిషనర్‌కు తెలుగులో లేఖ రాస్తున్నాం. ‘డియర్ సర్’ బదులు ‘ప్రియమైన అయ్యా’ అని మొదలుపెట్టొచ్చా? ఆ సీట్లో ఉన్నది మగవారో ఆడవారో కూడా తెలీదు.
– ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

సమాధానం: వద్దండి. చదివేవారికి నవ్వొస్తుంది. చిత్రమేమిటంటే, ‘డియర్’కి ఇష్టమైనది, ఖరీదైనది అని రెండర్థాలున్నట్టే మన ‘ప్రియం’కీ ఉన్నాయి. ఉల్లిపాయలు ప్రియమయ్యాయి అంటాం కదా. అయితే ఉత్తరాల్లో వాడివాడి ఇంగ్లీషువారి ‘డియర్’లో ప్రేమ ఇంకిపోయింది, మన ‘ప్రియమైన’లో ఇంకా తడి ఉంది. ఇక ‘సర్’ మూలంలో ఉన్నది ‘పెద్దవాడు’ అనే అర్థమే. మన ‘అయ్య’ కూడా తండ్రి, పెద్ద. కాబట్టి ‘డియర్ సర్’ మొత్తానికి ‘అయ్యా’ ఒక్కటే చాలు.

మన పాత లేఖల్లో సంబోధన మనిషి హోదాను తూచేది. పండితుడైతే బ్రహ్మశ్రీ, గౌరవస్థుడైతే మహారాజరాజశ్రీ. అంత పొడుగు రాయలేక ‘మ.రా.రా.శ్రీ’ అని కుదించేవారు. విశాఖ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో ఇంగ్లీషు సర్కారు కాగితాల్లోనూ పేరుకు ముందు ఈ పొడి అక్షరాలు, చివర ‘గారు’ కనిపించేవి. గుమాస్తాకైనా మహారాజు హోదాయే! ఆడవారి సంగతి వేరు. ముత్తైదువైతే లక్ష్మీసమానురాలు, భర్త పోతే గంగాభాగీరథీ సమానురాలు. అంటే కవరు చూసిన పోస్టుమేన్‌కి కూడా ఆమె వైధవ్యం తెలిసిపోయేది. ఆ మాట పోవడమే మంచిదైంది. ‘చి.ల.సౌ.’ మాత్రం శుభలేఖల్లో మిగిలింది.

వీటన్నిటి వెనక తోకలా ఉన్న ‘గారు’ ఇప్పుడు మీకు అక్కరకొస్తుంది. దానికి ఆడా మగా తేడా లేదు. కాబట్టి ‘అయ్యా/అమ్మా’ అని గీత గీసి, ఒకటి కొట్టేయండన్నట్టు రాయక్కర్లేదు. హోదాకే ‘గారు’ చేర్చండి:

జోనల్ కమిషనర్ గారికి,
నమస్కారం. మా కాలనీ పార్కులో ఆదివారాలు సాయంత్రం పిల్లలకు చెస్ నేర్పడానికి అనుమతి కోరుతున్నాం...

ఇక్కడ ‘గారికి’ ఉంది కాబట్టి ‘నమస్కారం’ దానికి అతుకుతుంది. పిలుస్తున్నట్టు రాయాలనుకుంటే ‘కమిషనర్ గారూ,’ అని దీర్ఘం ఇవ్వండి. చాలామంది ‘కమిషనర్ గారు,’ అని వదిలేస్తారు. అది పిలుపూ కాదు, చిరునామా కూడా కాదు. ‘గౌరవనీయులైన’ చేర్చినా తప్పు లేదు గానీ, చెస్ బోర్డులు పెట్టుకోవడానికి అంత బరువెందుకు?

చివర ‘తమ విధేయుడు’ రాస్తే, సంతకం చేసేది మీ అసోసియేషన్ కార్యదర్శి అయిన మహిళైతే ‘విధేయురాలు’ అని దిద్దాల్సి వస్తుంది. ‘ఇట్లు’ అని రాసి, కింద పేరు, హోదా, ఫోన్ నంబరు వేయండి.