ఒక్క రోజు నాగాకి 1,800 కోత ఎందుకు పడింది?

"భీమవరం దగ్గర రొయ్యల ప్లాంట్‌లో పని. నెల జీతం 18,000. ఫిబ్రవరిలో ఒక్క రోజు నాగా పెడితే 16,200 వేశారు. 30 రోజుల లెక్క అంటున్నారు. ఇది కరెక్టేనా?"

కాదండీ. 30 రోజుల లెక్కలో రోజు కూలి 600. మీకు పోవాల్సింది ఆ 600 మాత్రమే, చేతికి 17,400 రావాలి. మీ అకౌంటెంట్ నాగా కోయడానికి బదులు, పని చేసిన 27 రోజుల్ని 600తో గుణించేశారు. ఫిబ్రవరిలో అసలు లేని 29, 30 తారీఖులు కూడా మీ నాగాల్లో కలిసిపోయాయి.

తణుకులో ఒక రైస్ మిల్లు జీతాలు చూసినప్పుడు నేనూ ఈ తప్పు పట్టుకున్నాను. ఆఫీసులో ఒక్కటే అడగండి: నాగా లేనివాళ్ళకి ఫిబ్రవరిలో ఎంత వేశారు? ఇదే పద్ధతైతే 28 రోజులకి 16,800 రావాలి. 18,000 వేసి ఉంటే, మీకొక లెక్క, వాళ్ళకొక లెక్క అయినట్టే.

క్యాలెండర్ రోజుల పద్ధతైతే 18,000ని 28తో భాగిస్తారు, కోత 643 పడుతుంది. అదీ న్యాయమే, కాకపోతే ఏడాదంతా అదే పాటించాలి. షీట్‌లో జీతం A2లో, నాగాలు B2లో ఉంటే 30 రోజుల లెక్క ఇలా ఉండాలి:

```
=A2-A2/30*B2
```

నెల చివర్లో చేరినవాళ్ళకి మాత్రం ఇది పనికిరాదు. ఫిబ్రవరి 27న చేరినవాళ్ళకి 26 రోజులు కోస్తే, రెండు రోజుల పనికి 2,400 వెళ్ళిపోతుంది. వాళ్ళకి చేసిన రోజులే లెక్కగట్టాలి.