నాన్నగారి పాత షేర్లు: ఫోలియోలో సున్నా చూపిస్తే

"నాన్నగారి పేరున 1994 నాటి 200 షేర్ల కాగితాలు బీరువాలో దొరికాయి. రిజిస్ట్రార్‌కి రాస్తే ఫోలియోలో షేర్లు లేవన్నారు. ఎవరైనా అమ్మేశారా? వస్తే ఉంచుకోవాలా?"

అమ్మేసి ఉండరు. వరుసగా 7 ఏళ్లు డివిడెండ్ తీసుకోకపోతే షేర్లు ప్రభుత్వ ఐఈపీఎఫ్ ఖాతాకి వెళ్తాయి. కంపెనీ వెబ్‌సైట్‌లో ఇన్వెస్టర్ల పేజీలో ఆ జాబితా ఉంటుంది, ఫోలియో నంబరుతో వెతకండి.

చాలామంది ఇక్కడే నేరుగా ఆ షేర్లు వెనక్కి అడిగే `IEPF-5` ఫారం నింపేస్తారు, అది తిరిగొస్తుంది. ముందు వారసత్వం కంపెనీ దగ్గర తేలాలి.

1. `ISR-5` ఫారం, మరణ ధ్రువీకరణ పత్రం, వారసత్వ పత్రాలు, మీ కేవైసీ, ఒరిజినల్ సర్టిఫికెట్లు రిజిస్ట్రార్‌కి పంపండి. నామినీ లేకపోతే మిగతా వారసుల ఎన్‌ఓసీ అడుగుతారు. విలువ 5 లక్షలు దాటితే కోర్టు సక్సెషన్ సర్టిఫికెట్ లాంటివి కావాలి.
2. అన్నీ సరిపోతే ఆ షేర్లు మీకే చెందుతాయని కంపెనీ మీ పేరున ఎంటైటిల్‌మెంట్ లెటర్ ఇస్తుంది. అందులో షేర్ల సంఖ్య చూసుకోండి. మధ్యలో బోనస్, స్ప్లిట్ జరిగి ఉంటే 200 కన్నా ఎక్కువే ఉండాలి.
3. ఆ లెటర్ చేతికొచ్చాకే `IEPF-5`. పాన్, ఆధార్, డీమ్యాట్‌లలో మీ పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి.

ఉంచుకోవడం సంగతి: నాన్నగారి జ్ఞాపకం వేరు, కంపెనీ వేరు. ఆస్తిలో పెద్ద భాగం ఈ ఒక్క షేరే అయితే నేనైతే కొంత అమ్ముతాను. పన్ను టెన్షన్ అక్కర్లేదు: 2018 జనవరి 31 నాటి ధరను కొన్న ధరగా చూపొచ్చు, అమ్మిన ధర మించకుండా. ఏటా 1.25 లక్షల దీర్ఘకాలిక లాభంపై పన్ను లేదు, ఆపైన 12.5 శాతం. కాబట్టి రెండు మూడేళ్లలో విడతలుగా అమ్మండి.