దిర్హం కదలదు, రూపాయి కదులుతుంది: దుబాయ్ జీతం మీద నడిచే ఇంటికి లెక్క

"మాది ఉప్పలగుప్తం మండలం. మా ఆయన దుబాయ్‌లో ఏసీ టెక్నీషియన్, నెలకి 2,000 దిర్హాలు పంపుతారు. రేటు ఇంకా పెరుగుతుందని రెండు నెలల డబ్బు అక్కడే ఆపేశారు. ఇక్కడ నాకు గోల్డ్ లోను, 20 లక్షల ఇంటి లోను ఉన్నాయి. అలా ఆపడం మంచిదేనా? దిర్హం డాలరుతో ఎప్పుడూ ఒకే రేటులో ఉంటుందట. మన రూపాయిని కూడా అలా కట్టేస్తే ఈ టెన్షన్ ఉండదు కదా? వనామీ రొయ్యల చెరువులు చేసే మా మరిది మాత్రం రూపాయి పడితేనే మంచిదంటాడు."

ముందు ఆ రెండు నెలల డబ్బు తెప్పించి గోల్డ్ లోనుకి కట్టేయండమ్మా. లెక్క చూడండి. మీ గోల్డ్ లోను వడ్డీ ఏడాదికి 12 శాతం అనుకుందాం. అసలు ఎంతో మీ రసీదు మీద ఉంటుంది. 12 శాతం అంటే నెలకి ఒక శాతం. డాలరు 2013 చివర్లో సుమారు 62 రూపాయలు, 2023 చివర్లో సుమారు 83. ఏడాదికి సగటున మూడు శాతం, అంటే నెలకి పావు శాతం పెరిగింది. మీ ఆయన డబ్బు ఆపుకుంటే సగటున నెలకి పావు శాతం వస్తుంది, ఇక్కడ ఒక శాతం పోతుంది. ఏదో ఒక నెల రేటు రెండు శాతం ఎగరొచ్చు. అది ఏ నెలో ముందే చెప్పగలవాళ్లు ఎవరూ లేరు.

ఇక మీ రెండో ప్రశ్న. అమలాపురం, రాజోలు వైపు గల్ఫ్ కుటుంబాలన్నిటికీ పనికొచ్చే ప్రశ్న ఇది, అందుకే దీన్ని వివరంగా చెబుతాను.

డాలరుకి 3.6725 దిర్హాలు. ఈ రేటు 1997 నుంచి మారలేదు. అంటే మీరు చూసే దిర్హం రేటు వేరే రేటేమీ కాదు. డాలరుకి ఎన్ని రూపాయలో దాన్ని 3.6725తో భాగిస్తే వచ్చేదే. డాలరు 83 అయితే దిర్హం 22 రూపాయల 60 పైసలు. కదిలేదంతా రూపాయి వైపే.

దిర్హాన్ని అలా కట్టి ఉంచడానికి యూఏఈ ఒకటి వదులుకుంది. ఏ దేశమైనా మూడు కోరుకుంటుంది. తన కరెన్సీ రేటు స్థిరంగా ఉండాలి. డబ్బు అడ్డు లేకుండా లోపలికి, బయటికి వెళ్లాలి. వడ్డీ రేటు తన ఊరి పరిస్థితిని బట్టి తానే నిర్ణయించుకోవాలి. 1960ల మొదట్లో రాబర్ట్ మండెల్, మార్కస్ ఫ్లెమింగ్ అనే ఆర్థికవేత్తలు వేసిన పునాది మీద తర్వాతివాళ్లు తేల్చిందేమిటంటే, ఈ మూడింటిలో రెండే దొరుకుతాయి. దీన్నే అసాధ్య త్రయం అంటారు.

ఎందుకు దొరకవంటే, మధ్యలో తూము తెరిచి ఉన్న రెండు బోదెల్లో నీటి మట్టం వేరువేరుగా నిలవదు కదా. రేటు మారదని నమ్మకం ఉండి, డబ్బుకి అడ్డు లేకపోతే, వడ్డీ ఎక్కువున్న చోటికి డబ్బు పారుతూనే ఉంటుంది, రెండు చోట్లా వడ్డీ సమానమయ్యేదాకా ఆగదు. అప్పుడు చిన్న దేశానికి సొంత వడ్డీ రేటు అనేదే ఉండదు.

యూఏఈ సరిగ్గా అదే వదులుకుంది. అమెరికా కేంద్ర బ్యాంకు 2022 మార్చిలో వడ్డీ పెంచడం మొదలుపెట్టింది. సున్నాకి దగ్గరగా ఉన్న రేటు 2023 జులైకి 5.25–5.50 శాతానికి చేరింది. అది పెంచినప్పుడల్లా యూఏఈ కేంద్ర బ్యాంకు కూడా వెంటనే పెంచుతూ 5.40 శాతానికి వెళ్లింది. అమెరికాలో ధరలు అదుపు చేయడానికి పెంచిన వడ్డీని దుబాయ్‌లో అప్పు చేసినవాళ్లు కట్టారు.

అదే పదహారు నెలల్లో మన రిజర్వ్ బ్యాంకు రెపో రేటుని, అంటే బ్యాంకులకి తానిచ్చే అప్పు మీద వడ్డీని, 4 నుంచి 6.5 శాతానికి పెంచి ఆగింది. వాళ్లు ఐదుంపావు పెంచితే మనం రెండున్నర. మిగతా భారం రూపాయి మోసింది. 2022 మొదట్లో డాలరు సుమారు 74.50 ఉండేది, అక్టోబరుకల్లా 83 దగ్గరికి వెళ్లింది.

ఇప్పుడు మీరన్నట్టు రూపాయిని 74.50 దగ్గర కట్టేశామనుకుందాం. అమెరికాలో వడ్డీ పెరిగేసరికి ఇక్కడి పెట్టుబడులు అటు వెళ్తాయి. వెళ్లేవాళ్లందరికీ 74.50కే డాలర్లు ఇవ్వాల్సింది రిజర్వ్ బ్యాంకే. డాలరు అమ్మిన ప్రతిసారీ రూపాయలు బ్యాంకుల్లోంచి రిజర్వ్ బ్యాంకులోకి వెళ్లిపోతాయి. బ్యాంకుల దగ్గర డబ్బు తగ్గి వడ్డీలు వాటంతటవే పెరుగుతాయి. డాలరు నిల్వలు కరుగుతున్నాయని తెలిస్తే, ఈ రేటు ఎన్నాళ్లో నిలవదని ఇంకా ఎక్కువమంది డాలర్లకి ఎగబడతారు. వాళ్లని ఆపాలంటే వడ్డీ ఇంకా పెంచాలి. అమెరికాకీ మనకీ మొదట్లో ఉన్న తేడాని అలాగే ఉంచడానికే రెపో 9.25 శాతం కావాలి.

అది మీ ఇంట్లో ఎలా కనబడుతుందో చూడండి. 20 లక్షల లోను, 20 ఏళ్లు, వడ్డీ 7 శాతం అయితే నెల వాయిదా సుమారు 15,500. నిజంగా జరిగినట్టు రెండున్నర శాతం పెరిగితే, గడువు పొడిగించకుండా కట్టేవాళ్లకి సుమారు 18,640. రూపాయిని కట్టి ఉంచడానికి ఐదుంపావు పెంచి ఉంటే సుమారు 22,370. మీ ఆయన పంపే 2,000 దిర్హాలకి అప్పట్లో 40,600 వచ్చేవి, రూపాయి పడ్డాక 45,200. అంటే రూపాయి కదలడం వల్ల మీకు నెలకి 4,600 ఎక్కువ వచ్చింది, వాయిదా 3,100 పెరిగింది. కట్టేసి ఉంటే వచ్చేది పెరగదు, వాయిదా మాత్రం ఏడు వేలు పెరిగేది. పెట్రోలు, వంటనూనె ధరలు పెరిగిన మాట నిజమే. గల్ఫ్ డబ్బు రాని ఇంటికి ఆ దెబ్బే ఎక్కువ తగిలింది, అది నేను కాదనను.

పెద్ద దేశాలు కూడా ఇలా పట్టుబట్టి ఓడిపోయాయి. బ్రిటన్ తన పౌండుని జర్మనీ మార్కుతో ముడిపెట్టి, 1992 సెప్టెంబరు 16న ఒక్కరోజులో వడ్డీని 10 నుంచి 12కి పెంచింది, మర్నాటి నుంచి 15 అని కూడా ప్రకటించింది. ఆ సాయంత్రానికే చేతులెత్తేసి ముడి విప్పేసింది. జర్మనీకి ఎక్కువ వడ్డీ అవసరం, మాంద్యంలో ఉన్న బ్రిటన్‌కి తక్కువ వడ్డీ అవసరం. 15 శాతం వడ్డీని ప్రజలు ఎక్కువ రోజులు భరించలేరని మార్కెట్‌కి తెలుసు. ఏ ముడి తెగబోతోందో తెలుసుకోవడానికి నేను చూసేది ఇదే: రేటుని కాపాడటానికి కావలసిన వడ్డీ, దేశంలో జనం మోయగలిగే వడ్డీ ఎంత దూరంగా ఉన్నాయి.

మన దేశం మూడింటిలో ఏదీ పూర్తిగా తీసుకోలేదు. 1993 నుంచి రూపాయి రేటు మార్కెట్లో తేలుతోంది, కానీ మరీ జారినప్పుడు రిజర్వ్ బ్యాంకు డాలర్లు అమ్మి వేగం తగ్గిస్తుంది. 2021 సెప్టెంబరులో 640 బిలియన్ డాలర్లు దాటిన నిల్వలు 2022 అక్టోబరుకి 525 దగ్గరికి తగ్గడానికి అది ఒక కారణం. తూము కూడా సగమే తెరిచి ఉంది. ఇక్కడ నివసించే మనిషి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్లకు మించి బయటికి పంపకూడదు, మన ప్రభుత్వ బాండ్లు కొన్నిటిలో విదేశీయులు ఎంత పెట్టొచ్చన్నదానికీ పరిమితులున్నాయి. నా ఉద్దేశంలో మన లాంటి దేశానికి ఇదే సరైన దారి.

మీ మరిది మాటలో సగం నిజం ఉంది. రొయ్య ఎగుమతికి డాలర్లు వస్తాయి కాబట్టి రూపాయి పడితే కొనుగోలుదారు కౌంటుకి కొంచెం ఎక్కువ ఇవ్వగలడు. కానీ మేతలో, తల్లిరొయ్యల్లో దిగుమతి ఖర్చు ఉంటుంది, అదీ పెరుగుతుంది. పోటీకి వచ్చే ఈక్వడార్‌ని కూడా ఆయన గుర్తుపెట్టుకోవాలి. ఆ దేశం 2000లో సొంత కరెన్సీనే వదిలేసి డాలరుని తెచ్చుకుంది. రొయ్య ధర పడినప్పుడు వాళ్లకి కరెన్సీ పడి ఆదుకునే దారి లేదు. అయినా ప్రపంచంలో ఎక్కువ రొయ్య ఎగుమతి చేసేది వాళ్లే. రూపాయి పడటం మీద లాభం లెక్కేసుకునే రైతు వాళ్ల ఉత్పత్తి ఖర్చు చూసి కంగారు పడాలి.

మీకు అన్నిటికంటే ముఖ్యమైన విషయం ఇప్పుడు చెబుతాను. కరెన్సీ రేటు కదలని దేశంలో కష్టకాలం వస్తే ఇంకేదో కదలాలి. యూఏఈలో కదిలేవి అద్దెలు, జీతాలు, ఉద్యోగాలు. 2009లో దుబాయ్ అప్పుల్లో ఇరుక్కుని నిర్మాణాలు ఆగిపోయినప్పుడు దిర్హం 3.6725 దగ్గరే ఉంది, పని పోయిన వాళ్లు మాత్రం టికెట్ కొనుక్కుని ఊళ్లకి వచ్చేశారు. వలస కార్మికులు ఎక్కువగా ఉండటం వల్లే ఆ దేశం ఈ దెబ్బని తట్టుకోగలుగుతుంది, దెబ్బ తగిలిన వాళ్లు అక్కడ ఉండరు కాబట్టి. చమురు ఆదాయం, పెద్ద నిల్వలు ఉన్నంతకాలం దిర్హం ముడి తెగుతుందన్న భయం నాకు లేదు. నా భయం మీ ఆయన ఉద్యోగం గురించి.

అందుకని గోల్డ్ లోను తీరాక, ఆరు నెలల ఇంటి ఖర్చు, వాయిదాలు కలిపి ఒక నిధి చేసుకోండి. రెండు నెలలది దుబాయ్ ఖాతాలో దిర్హాల్లోనే ఉంచమనండి, ఉన్నట్టుండి పని పోతే గది అద్దెకీ టికెట్‌కీ అదే ఆధారం. మిగతా నాలుగు నెలలది ఆయన పేరు మీద, విదేశాల్లో ఉండేవాళ్ల కోసం ఇక్కడి బ్యాంకుల్లో ఉండే ఎన్ఆర్ఈ ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేయండి. ఆయన ఎన్ఆర్ఐగా ఉన్నంతకాలం ఆ వడ్డీ మీద ఇక్కడ పన్ను లేదు, కానీ ఏడాది నిండకుండా తీస్తే వడ్డీ రాదు. కాబట్టి ఒకే డిపాజిట్ కాకుండా నాలుగు చిన్నవి చేయండి, అవసరమైనది ఒక్కటే విరగ్గొట్టొచ్చు.

డబ్బు పంపే రోజు ఒక చిన్న లెక్క చేయమనండి. ఆ రోజు డాలరు రేటుని 3.6725తో భాగించి, ఎక్స్చేంజ్ వాళ్లు చెప్పిన దిర్హం రేటుతో పోల్చాలి. 22.60 రావలసిన చోట 22.40 ఇస్తుంటే 2,000 దిర్హాల మీద 400 రూపాయలు వాళ్ల దగ్గరే ఉండిపోతున్నాయి, ఫీజు కాక. నెల ఆగి రేటు కోసం చూడటం కన్నా, ఇద్దరు ముగ్గురి దగ్గర ఈ తేడా అడిగి పంపితే మీకు ఖాయంగా మిగులుతుంది.