టాయిలెట్ యాసిడ్, బ్లీచింగ్ కలిపితే ఏమవుతుంది?

ప్రశ్న: బోరు నీళ్ల మరక యాసిడ్ క్లీనర్‌కి పూర్తిగా పోలేదు. పైన బ్లీచింగ్ పౌడర్ చల్లొచ్చా?

వద్దు. ఆ క్లీనర్‌లో ఉండేది హైడ్రోక్లోరిక్ యాసిడ్. అది బ్లీచింగ్‌కి తగిలిన క్షణంలోనే క్లోరిన్ వాయువు వస్తుంది. ఘాటు వాసన, కళ్లమంట, దగ్గు మొదలైతే కడగడానికి కూడా ఆగకుండా బయటికి వచ్చేయండి. ఊపిరి ఆడకపోతే ఆసుపత్రికి వెళ్లాలి.

అసలు ఇక్కడ బ్లీచింగ్ పనికిరాదు. అది క్రిములను చంపుతుంది, రంగు పోగొడుతుంది, అంతే. గార సున్నపుది, కరిగించేది యాసిడే. ముందు రెండు మూడుసార్లు ఫ్లష్ చేయండి. మర్నాడు రాత్రి గుంటలో నీళ్లు తగ్గించి, లీటరు గోరువెచ్చని నీళ్లలో 100 గ్రాముల నిమ్మఉప్పు కలిపి పోసి, పొద్దున బ్రష్‌తో రుద్దండి. మొండి గారకు రెండు రాత్రులు పట్టొచ్చు. నిమ్మఉప్పూ యాసిడే, దానితోనూ బ్లీచింగ్ కలపకూడదు.